లాంచ్ థ్రెడ్ ఒకేసారి వేసేయాలా, రోజూ పొడిగించాలా, విడివిడిగా పోస్ట్ చేయాలా?

మీరొక్కరే కూర్చుని ఒక టూల్ తయారు చేశారు, రేపో ఎల్లుండో బయటపెట్టాలి, మార్కెటింగ్‌కి మనిషీ లేడు డబ్బూ లేదు, ఉన్నదల్లా ఒక చిన్న అకౌంట్. ఏం రాయాలి అనేది ఎలాగోలా తేలుతుంది గానీ ఎలా వేయాలి అన్న దగ్గరే అందరూ ఆగిపోతారు. దారులు మూడు. అంతా ముందే రాసిపెట్టుకుని లాంచ్ రోజు ఒకేసారి థ్రెడ్‌గా వదిలేయడం ఒకటి. మొదటి పోస్టు పెట్టి, ఆ తర్వాత వచ్చే ప్రతి అప్‌డేట్‌నీ దాని కిందే రిప్లైగా తగిలిస్తూ వారాల తరబడి పొడిగించుకుంటూ పోవడం రెండోది. ప్రతి అప్‌డేట్‌నీ విడి పోస్టుగా వేసి అందులో మొదటి పోస్టుని కోట్ చేయడం మూడోది. థ్రెడ్ అంటే ఇక్కడ మెటా వాళ్ల యాప్ కాదండోయ్, మన పోస్టుకి మనమే రిప్లై ఇచ్చుకుంటూ కట్టే గొలుసు.

మూడూ చేశా, మూడింటిలోనూ దెబ్బలు తిన్నా. నా లెక్క ఏంటంటే, మీ టూల్ పేరే ఎప్పుడూ విననోళ్ల కోసమైతే ఒకేసారి వేసే పొట్టి థ్రెడ్డే, అదీ 5 పోస్టులు దాటకుండా. ఆల్రెడీ వాడుతున్నోళ్లకి "ఏం మారింది" అని చెప్పడానికైతే పొడిగించే థ్రెడ్. మొన్న చూసి "బాగుందే" అనుకుని ముందుకెళ్లిపోయినోళ్లని మళ్లీ పట్టుకోవాలంటే విడి పోస్టు, కింద కోట్. చాలామంది ఈ మూడు రకాల జనానికీ ఒకే థ్రెడ్‌తో పని కానిచ్చేద్దాం అనుకుంటారు, అక్కడే చెడుద్ది.

నా మొదటి లాంచ్ అలాగే చెడింది. 14 పోస్టుల థ్రెడ్ వేశా, ఎందుకు మొదలెట్టానో, ఏ లాంగ్వేజ్‌లో రాశానో, ఎన్నిసార్లు తిరగరాశానో అన్నీ చెప్పుకొచ్చి డౌన్‌లోడ్ లింక్ 13వ పోస్టులో పెట్టా. చదివినోళ్లు "సూపర్ బ్రో, ఎక్కడ దొరుకుద్ది?" అని మొదటి పోస్టు కింద అడుగుతుంటే ఒక్కొక్కరికీ లింక్ ఇస్తూ కూర్చున్నా. తప్పు వాళ్లది కాదు, 13 మెట్లు ఎక్కితేగానీ కనపడని చోట గుమ్మం పెట్టింది నేను.

సరే, ఊరికే గాల్లో మాట్లాడకుండా ఒక టూల్ అనుకుందాం. సబ్‌టైటిల్స్ టైమింగ్ సరిచేసే చిన్న డెస్క్‌టాప్ టూల్. సమస్య నిజంగా ఉన్నదే, సెకనుకి 23.976 ఫ్రేముల వీడియోకి చేసిన .srt ఫైల్‌ని 25 ఫ్రేముల వీడియోకి పెడితే మొదట్లో అంతా బాగానే ఉంటది, కానీ వీడియో కొంచెం కొంచెంగా ముందుకెళ్లిపోతూ గంట దగ్గరికొచ్చేసరికి సబ్‌టైటిల్ దాదాపు రెండున్నర నిమిషాలు వెనకబడిపోద్ది. మొత్తాన్ని రెండు సెకన్లు జరిపితే సరిపోయే తప్పు కాదిది, మొత్తం టైమ్‌లైన్‌ని కుదించాలి. మన టూల్ ఆ పని ఫైల్‌ని లాగి వదిలితే చేసేస్తుంది అనుకుందాం.

ఒకేసారి వేసే థ్రెడ్

ఇక్కడ బరువంతా మొదటి పోస్టు మీదే. జనం ఎక్కువగా రాసే మొదటి పోస్టు ఇలా ఉంటది: "6 నెలల కష్టం తర్వాత ఎట్టకేలకు మా టూల్ లాంచ్ చేస్తున్నాం! వివరాలు థ్రెడ్‌లో 👇". ఇందులో చదివేవాడికి సంబంధించింది ఒక్క ముక్క కూడా లేదు. ఆరు నెలల కష్టం మీది, ఎట్టకేలకు అన్న ఊపిరి మీది, టూల్ ఏం చేస్తుందో మాత్రం ఎక్కడా లేదు. దీన్నే ఇలా రాస్తే చూడండి:

"సబ్‌టైటిల్ మొదట్లో కరెక్ట్‌గానే ఉండి గంట తర్వాత రెండు నిమిషాలు వెనకబడుతోందా? ఫైల్‌ని ఇందులోకి లాగి వదిలేయండి, టైమింగ్ మొత్తం సరిచేసి కొత్త ఫైల్ ఇస్తుంది. విండోస్, మ్యాక్ రెండిటికీ ఉంది."

కింద 12 సెకన్ల వీడియో, అందులో ముందు తప్పు టైమింగ్, ఫైల్ లాగడం, తర్వాత సరైన టైమింగ్, అంతే. లోగో యానిమేషన్ పెట్టకండి, ఫీడ్‌లో స్క్రోల్ చేసేవాడు మొదటి రెండు సెకన్లు చూసి వెళ్లిపోతాడు, ఆ రెండు సెకన్లూ లోగోకి ఇచ్చేస్తే ఇంక చూపించడానికేం మిగల్లేదు.

మొదటి పోస్టు ఒంటరిగా నిలబడాలి అనడానికి ఇంకో గట్టి కారణం ఉంది. ఎక్స్‌లో లాగిన్ కానోళ్లకి లింక్ ఇస్తే ఆ ఒక్క పోస్టే కనపడుద్ది, కింద థ్రెడ్ కనపడదు. 2023 నుంచీ ఇంతే. మీరు ఆ లింక్‌ని ఈమెయిల్‌లో ఎవరికైనా పంపారనుకోండి, అకౌంట్ లేని మనిషి క్లిక్ చేస్తే "వివరాలు థ్రెడ్‌లో" అన్న పోస్టు చూస్తాడు గానీ ఆ థ్రెడ్డే ఉండదు. ఇది మనకి తెలీదు కూడా, ఎందుకంటే మన ఫోన్‌లో మనం ఎప్పుడూ లాగిన్ అయ్యే ఉంటాం. పోస్ట్ చేసిన వెంటనే ప్రైవేట్ విండోలో ఒకసారి తెరిచి చూసుకుంటే బయటివాడికి కనపడేది అదే.

లింక్ ఎక్కడ పెట్టాలి అన్నదానికి ఒక్క సమాధానం లేదు, ప్లాట్‌ఫామ్‌ని బట్టి మారుద్ది. ఎక్స్ సంగతి చూస్తే 2024 నవంబర్‌లో ఇలాన్ మస్కే, పోస్టులో వివరణ రాసి లింక్‌ని రిప్లైలో పెట్టండి అని చెప్పాడు, కాబట్టి అక్కడ నేను లింక్‌ని రెండో పోస్టులోకి జరుపుతా, రెండో పోస్టు అంటే రెండోదే, 13వది కాదు. బ్లూస్కై, మాస్టడాన్ దగ్గర ఈ తిప్పలు అక్కర్లేదు, మొదటి పోస్టులోనే పెట్టేయొచ్చు. కాకపోతే అక్కడ ఇంకో మెలిక ఉంది, వీడియో అటాచ్ చేస్తే లింక్‌కి బొమ్మా టైటిలూ చూపించే ప్రివ్యూ కార్డ్ రాదు, కార్డ్ కావాలంటే వీడియో వదులుకోవాలి. రెండిట్లో ఒకటే. టూల్ కదిలితేనే అర్థమయ్యే రకమైతే వీడియో పెట్టి లింక్‌ని మామూలు టెక్స్ట్‌గా వదిలేయండి, మన సబ్‌టైటిల్ టూల్‌కి నేనైతే అదే చేస్తా. ఒక్క స్క్రీన్‌షాట్ చూస్తే అర్థమైపోయే టూల్ అయితే ఆ స్క్రీన్‌షాట్‌నే కార్డ్ బొమ్మగా పెట్టి కార్డ్‌ని వాడుకోండి, నొక్కడానికి చోటు పెద్దగా ఉంటది.

కార్డ్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. బ్లూస్కైలో కార్డ్ బొమ్మా టైటిలూ మీరు పోస్ట్ చేసిన క్షణంలో ఎలా ఉంటే అలాగే పోస్టులో నిలిచిపోతాయి, తర్వాత వెబ్‌సైట్‌లో బొమ్మ మార్చినా పోస్టులో మారదు. "కమింగ్ సూన్" అని బొమ్మ పెట్టుకుని లాంచ్ రోజు పేజీ మార్చడం మర్చిపోయి పోస్ట్ కొట్టేశారంటే ఇక "కమింగ్ సూన్" తోనే తిరుగుద్ది. ముందురోజు రాత్రే పేజీ మార్చేసి, ఇంకో అకౌంట్ నుంచి లింక్ పేస్ట్ చేసి కార్డ్ ఎలా వస్తోందో చూసి, పోస్ట్ చేయకుండా క్యాన్సిల్ చేసేయండి.

మిగతా నాలుగు పోస్టులు ఏంటంటే, రెండోది లింక్, ఎలా ఇన్‌స్టాల్ చేయాలి. మూడోది ఇది ఏం చేయదు అనేది, ఇది చాలామంది రాయరు గానీ రాస్తే సగం ప్రశ్నలు ముందే ఆగిపోతాయి, మన కేసులో "వీడియో బొమ్మలోనే అచ్చైపోయిన సబ్‌టైటిల్స్‌ని ఇది ముట్టుకోదు, విడి ఫైల్ ఉండాలి" అని ఒక్క మాట. నాలుగోది ఫ్రీలో ఏం వస్తుంది, డబ్బు కడితే ఏం వస్తుంది. ఐదోది బగ్ ఎక్కడ చెప్పాలి. కథ చెప్పాలనిపిస్తే చెప్పుకోండి, కాదనను, కానీ దానికి ఇంకో రోజు ఇంకో థ్రెడ్ వేయండి.

ఐదు కంటే ఎక్కువ ఎందుకొద్దంటున్నానో మాస్టడాన్‌లో చూస్తే అర్థమైపోద్ది. అక్కడ హోమ్ ఫీడ్ టైమ్ ప్రకారమే నడుస్తుంది, కొత్తది పైన. మీరు 10 పోస్టుల థ్రెడ్ ఒకేసారి వదిలితే మీ ఫాలోవర్ ఫీడ్‌లో పది ముక్కలు, అదీ తలకిందులుగా, ముందు పదోది తర్వాత తొమ్మిదోది అలా కనపడతాయి. "బగ్స్ ఇక్కడ చెప్పండి" అన్నది ముందు చదివి దేని బగ్స్ రా బాబూ అనుకుంటాడు పాపం. అందుకే అక్కడ అలవాటు ఏంటంటే మొదటి పోస్టు పబ్లిక్, మిగతావి క్వైట్ పబ్లిక్, పాత పేరు అన్‌లిస్టెడ్. దీనివల్ల ఫాలోవర్ హోమ్ ఫీడ్‌లో ముక్కలు తగ్గవు గానీ సర్వర్ మొత్తానికీ కనపడే లోకల్ టైమ్‌లైన్ నిండిపోకుండా ఉంటది. ఇంకోటి, అన్‌లిస్టెడ్ పోస్టులు హ్యాష్‌ట్యాగ్ పేజీల్లో రావు, కాబట్టి హ్యాష్‌ట్యాగ్‌లన్నీ మొదటి పోస్టులోనే ఉండాలి, చివరి పోస్టులో ఎనిమిది ట్యాగులు కుక్కి ఎవరూ రాలేదే అని చూస్తూ కూర్చుంటే రారు.

తెలుగులో రాసేవాళ్లకి లెంగ్త్ గురించి ఒక చిన్న సంగతి. ఎక్స్ 280 అని చెప్పేది కంటికి కనపడే అక్షరాలు కాదు, యూనికోడ్ ముక్కలు. "స్క్రీన్" అన్న మాట మనకి రెండక్షరాలు, దానికి ఎనిమిది, ఎందుకంటే ప్రతి వత్తుకీ పొల్లుకీ గుణింతానికీ విడిగా లెక్క. కాబట్టి తెలుగులో 280 అంటే నిజానికి మూడు వాక్యాల్లో అయిపోద్ది. లింక్‌కి మాత్రం ఎంత పొడుగున్నా 23 తీసుకుంటుంది, మాస్టడాన్‌లోనూ అంతే, అక్కడ డిఫాల్ట్ లిమిట్ 500. బ్లూస్కైలో 300, కానీ అది కోడ్ ముక్కల్ని కాకుండా అక్షరాన్ని అక్షరంగా లెక్కేస్తుంది కాబట్టి అక్కడ తెలుగుకి చోటు బాగానే దొరుకుద్ది. ఎక్స్‌కి సరిపడా రాసింది మిగతా రెండు చోట్లా సరిపోద్ది, అటునుంచి ఇటు మాత్రం పేస్ట్ చేయకండి, సరిగ్గా క్రియ దగ్గర తెగుద్ది.

పొడిగించే థ్రెడ్

చూడ్డానికి ఇదే అన్నిటికన్నా సుఖం. ఒక్క లింక్ గుర్తుపెట్టుకుంటే చాలు, మొత్తం చరిత్ర ఒకేచోట, ఎవరైనా కొత్తగా వచ్చి కింద దాకా చదివితే టూల్ ఎలా పెరిగిందో తెలిసిపోద్ది. కానీ కొత్తోళ్లు అలా చదవరు. పాతోళ్లు చదువుతారు, వాడుతున్నోళ్లు చదువుతారు, ఆ బగ్ తీసేశాడా లేదా అని వెతుక్కుంటూ వచ్చినోడు చదువుతాడు. అందుకే ఇది చేంజ్‌లాగ్‌గా పనికొస్తుంది గానీ కొత్తోళ్లని తేవడానికి పనికిరాదు అంటా నేను.

ప్లాట్‌ఫామ్ తేడా కూడా ఇక్కడే ఎక్కువ తెలుస్తుంది. బ్లూస్కైలో పాత థ్రెడ్‌కి కొత్త ముక్క తగిలిస్తే ఫాలోయింగ్ ఫీడ్‌లో మొదటి పోస్టు, మధ్యలో "మొత్తం థ్రెడ్ చూడండి" అన్న గీత, కింద కొత్త ముక్క, ఇలా కలిపి చూపిస్తుంది, కాబట్టి చూసేవాడికి సందర్భం అందుద్ది. మాస్టడాన్‌లో ఫాలోవర్‌కి కొత్త ముక్క వెళ్తుంది గానీ తల లేకుండా వెళ్తుంది, అది దేనికి రిప్లైనో నొక్కి చూసుకోవాలి. ఎక్స్‌లో అయితే ఫర్ యూ ఫీడ్ అల్గారిదమ్ ఇష్టం, మూడు వారాల నాటి పోస్టు కింద పెట్టిన రిప్లైని అది కొత్త పోస్టులా తిప్పుతుందని ఆశ పెట్టుకుంటే మీ ఇష్టం, నేను పెట్టుకోను.

ఇందులో ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది, చేసినట్టు కూడా తెలీదు. కొత్త అప్‌డేట్‌ని గొలుసులో చివరి పోస్టుకి రిప్లైగా పెట్టాలి. మనమేం చేస్తాం, ప్రొఫైల్‌కి వెళ్తాం, పిన్ చేసిన మొదటి పోస్టు పైనే కనపడుద్ది, దాని కింద రిప్లై కొట్టేస్తాం. అలా నాలుగుసార్లు చేస్తే గొలుసు అవ్వదు, ఒకే కొమ్మకి నాలుగు రెమ్మలు అవుతాయి, వేరేవాళ్ల రిప్లైల మధ్యలో చెల్లాచెదురుగా పడిపోతాయి. ఎలా కనిపెట్టాలంటే, ఇంకో అకౌంట్‌లోంచి మొదటి పోస్టు తెరవండి. మీ అప్‌డేట్లు వరసగా ఒకదాని కింద ఒకటి గీతతో కలిసి వస్తే సరే, మధ్యలో ఎవరిదో "కంగ్రాట్స్" వచ్చి ఆ తర్వాత మీ అప్‌డేట్ కనపడితే తెగిందన్నమాట. ఇప్పటికే తెగి ఉంటే పాతవి డిలీట్ చేసి మళ్లీ కట్టకండి, వాటి కింద జనం రాసిన రిప్లైలు తల తెగిపోయి మిగిలిపోతాయి. ఇక నుంచి చివరి దాని కింద వేసుకుంటూ పోండి, చివరి పోస్టు లింక్‌ని నోట్స్‌లో పెట్టుకోండి, ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.

ఎడిటింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే పొడిగించే థ్రెడ్ ఎక్కువ కాలం బతుకుద్ది, కాలం గడిచేకొద్దీ మొదటి పోస్టులో రాసినవి అబద్ధాలవుతాయి. ఎక్స్‌లో ఎడిట్ కావాలంటే డబ్బు కట్టాలి, అదీ గంటలోపే. మాస్టడాన్‌లో ఎప్పుడైనా మార్చొచ్చు, కాకపోతే బూస్ట్ చేసినోళ్లకి "ఈ పోస్టు మారింది" అని నోటిఫికేషన్ వెళ్తుంది, కామా సరిచేయడానికి అందర్నీ పలకరించినట్టు. కాబట్టి ముసలైపోయేది ఏదీ మొదటి పోస్టులో పెట్టకండి. వెర్షన్ నంబర్, ధర, "ఈ వారం మాత్రమే సగం రేటు" లాంటివన్నీ నాలుగో పోస్టులోనో, అసలు వెబ్‌సైట్‌లోనో ఉండాలి. ఒకసారి నేను డిస్కౌంట్‌ని మొదటి పోస్టులో పెట్టా, అది అయిపోయిన రెండు నెలలకి ఎవరో రిపోస్ట్ చేస్తే జనం వచ్చి "ఈ రేటు రావట్లేదేంటి" అని గొడవ, న్యాయమైన గొడవే.

విడి పోస్టులు, కింద కోట్

మూడోది నాకు ఎక్కువ ఇష్టం, కానీ దీనికి శ్రమ ఎక్కువ. ప్రతి పోస్టూ కొత్త పోస్టే కాబట్టి ఫీడ్‌లో కొత్తగా తిరుగుద్ది, కింద కోట్‌లో మొదటి పోస్టు కనపడుద్ది కాబట్టి ఇదేంటో తెలియనోడికి అక్కడే తెలిసిపోద్ది. మన సబ్‌టైటిల్ టూల్‌కి వారం తర్వాత ఒక విడి పోస్టు ఇలా ఉండొచ్చు: "ఒక్కో ఎపిసోడ్‌కీ ఒక్కోసారి లాగడం విసుగ్గా ఉందని చాలామంది అన్నారు. ఇప్పుడు ఫోల్డర్ మొత్తాన్ని లాగేయొచ్చు, సీజన్ అంతా ఒకేసారి అయిపోద్ది." కింద ఫోల్డర్ లాగే వీడియో, దాని కింద మొదటి పోస్టు కోట్. ఇది చదవడానికి పాత థ్రెడ్ తెలియక్కర్లేదు.

కోట్ చేసేటప్పుడు ఎప్పుడూ మొదటి పోస్టునే కోట్ చేయాలి, నిన్నటి అప్‌డేట్‌ని కాదు. కోట్ లోపలి కోట్‌ని ఈ యాప్‌లు విప్పి చూపించవు, ఒక్క పొర వరకే. నిన్నటిదాన్ని కోట్ చేస్తే కనపడేది నిన్నటి అప్‌డేట్ మాత్రమే, టూల్ ఏంటో చెప్పే పోస్టు ఇంకో పొర లోపలికి వెళ్లిపోయి మాయమవుద్ది. మాస్టడాన్‌లో కోట్ పోస్ట్ రాయడం 4.5 వెర్షన్‌తో వచ్చింది, మీ సర్వర్ ఇంకా పాతదైతే మామూలుగా మొదటి పోస్టు లింక్ పేస్ట్ చేయడమే దారి.

దీని లోపం ఏంటంటే సంభాషణ ముక్కలైపోద్ది. అదే ప్రశ్న నాలుగు పోస్టుల కింద నలుగురు అడుగుతారు, సమాధానం ఒకచోట ఇస్తే ఇంకోచోటోళ్లకి తెలీదు. చిన్న అకౌంట్‌కి ఇది పెద్ద బాధ కాదు, రిప్లైలు చేతులతో లెక్కపెట్టేటన్ని ఉన్నప్పుడు ఓపిగ్గా ఇచ్చుకోవచ్చు. ఇంకో లోపం, రోజూ వేస్తే ఫాలోవర్స్‌కి మొహం మొత్తుద్ది, చూపించడానికి ఏదైనా ఉన్నప్పుడే వేయాలి, "ఒక చిన్న బగ్ ఫిక్స్ చేశా" అన్నది విడి పోస్టుకి తగదు, అది పొడిగించే థ్రెడ్‌కి వెళ్లాల్సిన సరుకు.

మూడూ ఒకే లాంచ్‌లో ఎలా కలుస్తాయంటే

లాంచ్ రోజు మన 5 పోస్టుల థ్రెడ్ వెళ్లింది, మొదటిదాన్ని పిన్ చేశాం. గంటలోపు ఒకడు వస్తాడు, "ఇన్‌స్టాల్ చేస్తుంటే విండోస్ నీలం బాక్స్ చూపిస్తోంది, వైరసా?" అని. ఇది సొంతంగా టూల్స్ చేసే ప్రతివాడికీ తగిలేదే, స్మార్ట్‌స్క్రీన్ అంటారు దాన్ని. మీ ఇన్‌స్టాలర్‌కి డిజిటల్ సంతకం లేకపోయినా, సంతకం ఉన్నా మైక్రోసాఫ్ట్ దగ్గర ఇంకా మంచి పేరు రాకపోయినా "Windows protected your PC" అని ఆపేస్తుంది. ఇప్పుడు దీనికి సమాధానం ఎక్కడ రాయాలి?

అడిగినవాడి కింద మాత్రమే రాస్తే వాడొక్కడే చూస్తాడు, మిగతావాళ్లు మాత్రం ఆ భయం చదివి వెళ్లిపోతారు. నేను చేసేది ఏంటంటే, ముందు వాడికి సూటిగా రిప్లై, తర్వాత అదే సమాధానాన్ని థ్రెడ్‌లో ఆరో పోస్టుగా చివరన తగిలించడం: "విండోస్‌లో నీలం హెచ్చరిక వస్తే కారణం ఇది, ఇన్‌స్టాలర్‌కి ఇంకా కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ తీసుకోలేదు. More info నొక్కితే Run anyway కనపడుద్ది. అలా నొక్కడం ఇష్టం లేకపోతే ఆగండి, సంతకం చేసిన వెర్షన్ వచ్చాక ఇక్కడే చెప్తా." దాచిపెట్టకుండా ఉన్నదున్నట్టు చెప్పడమే ఇక్కడ పని చేసేది, "అదేం కాదు, నొక్కేయండి" అంటే ఇంకా అనుమానం వస్తుంది. ఇక డౌన్‌లోడ్ పేజీలో కూడా అదే మాట పెట్టేస్తా, ఎందుకంటే సగంమంది థ్రెడ్‌కి తిరిగి రారు.

సర్టిఫికెట్ తీసుకుని సంతకం చేసిన వెర్షన్ వచ్చిన రోజున రెండు పనులు. ఆరో పోస్టు కింద ఏడోది, "చెప్పినట్టే వచ్చేసింది" అని, ఇది ఆగినవాళ్ల కోసం. దాంతోపాటు విడి పోస్టు, మొదటిదాన్ని కోట్ చేస్తూ, "విండోస్ హెచ్చరిక చూసి ఆగిపోయినవాళ్లుంటే, ఇప్పుడు ఇన్‌స్టాలర్ సంతకంతో వస్తోంది" అని, ఇది భయపడి మర్చిపోయినోళ్ల కోసం. సంతకం పెట్టిన మొదటి రోజుల్లో కూడా హెచ్చరిక కొంతమందికి రావచ్చు, పేరు పెరిగేదాకా, కాబట్టి "ఇక రాదు" అని మాట ఇచ్చేయకండి.

ఏ దారి పని చేసిందో తెలియాలంటే ప్రతి పోస్టులో లింక్ చివర వేరే గుర్తు పెట్టండి. ఎక్కడినుంచి వచ్చారన్న సమాచారం చాలాసార్లు మీ సైట్‌కి చేరదు, అంతా "డైరెక్ట్" అని పడిపోద్ది, గుర్తు ఉంటే మాత్రం పోదు.

```
https://example.com/?ref=x-t2
https://example.com/?ref=x-quote1
https://example.com/?ref=bsky-t1
```

ఇక్కడ లైకులు చూడకండి, క్లిక్ తర్వాత డౌన్‌లోడ్ చేశారా అన్నది చూడండి. ఇలా గుర్తులు పెట్టిన నా రెండో లాంచ్‌లో ఎక్కువ లైకులొచ్చింది మొదటి పోస్టుకే, కానీ డౌన్‌లోడ్లు ఎక్కువ తెచ్చింది పది రోజుల తర్వాత వేసిన ఒక కోట్ పోస్టు. ఒక్క లాంచ్‌ని పట్టుకుని ఇదే రూల్ అని చెప్పను, మీ సంఖ్యలు చిన్నవే ఉంటాయి, చిన్న సంఖ్యలు ఊరికే అటూఇటూ ఊగుతాయి, అయినా అసలు గుర్తు లేకపోతే ఆ మాత్రం కూడా తెలియదు.

ఇంకోటి మర్చిపోయా. మాస్టడాన్‌లో మీ లింక్ కాస్త తిరిగితే, ఆ పోస్టు చేరిన ప్రతి సర్వరూ కార్డ్ తయారుచేసుకోడానికి విడివిడిగా మీ పేజీని లాగుతుంది, దాదాపు ఒకేసారి. చౌక సర్వర్ మీద ప్రతిసారీ డేటాబేస్‌ని కదిలించే పేజీ పెట్టుకుంటే మనిషి రాకముందే ఈ యంత్రాల తాకిడికే పడిపోద్ది, అప్పుడు వచ్చిన మనిషికి ఎర్రర్ పేజీ. సైట్ లాగ్‌లో ఒకే నిమిషంలో మాస్టడాన్ పేరుతో వరసగా రిక్వెస్టులు కనపడితే ఇదే. లాంచ్ పేజీని స్టాటిక్‌గా పెట్టి ముందర ఒక క్యాష్ పెట్టుకుంటే తీరిపోద్ది.

పొడిగించే థ్రెడ్‌ని ఎప్పుడు ఆపాలంటే, నాకైతే పెద్ద వెర్షన్ మారినప్పుడు. టూల్ 2.0 వచ్చిందనుకోండి, దాన్ని పాత థ్రెడ్‌కి 31వ పోస్టుగా తగిలించకండి, కొత్తోళ్ల కోసం మళ్లీ 5 పోస్టుల కొత్త థ్రెడ్ మొదలెట్టి, పాత గొలుసు చివర "ఇక్కడితో ఇది ఆపుతున్నా, 2.0 అప్‌డేట్లన్నీ ఇక్కడ" అని కొత్త మొదటి పోస్టు లింక్ పెట్టి, పాతదాన్ని అన్‌పిన్ చేసి కొత్తది పిన్ చేయండి. పాతది డిలీట్ చేయొద్దు, ఎవరి బ్లాగులోనో దాని లింక్ ఉంటది, వాళ్లు అటునుంచి వచ్చి చివరిదాకా దిగితే కొత్తదాని గుమ్మం అక్కడ తెరిచే ఉంటది.